ఎడమ పీట ఖాళీ లేదు

మా పిన్నిని వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "మూగమగ్గం చిన్నావిడ" అంటారు. పెద్దావిడ మా అమ్మ. ఇద్దరికీ నోళ్ళు శుభ్రంగానే ఉండేవి. కోపం వస్తే వీధి చివరిదాకా వినిపించే గొంతులు. మూగవాళ్ళు కారు, మాటల్లేవు, అంతే. తోడికోడళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే చాప మీద పక్కపక్కనే కూర్చుని నేస్తూ, పదేళ్ళ పైచిలుకు ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

కారణం ఒక గొడుగు. నవ్వితే నవ్వండి గానీ నిజం అదే. వాన పడుతున్న ఒక రోజు పిన్ని, అమ్మ గొడుగు తీసి తన చెల్లెలికి ఇచ్చి పంపింది. ఆ చెల్లెలు దాన్ని బస్సులో మరిచిపోయింది. "పోతే పోయింది, ముష్టి గొడుగు, ఇంకోటి కొనిస్తాను" అంది పిన్ని. అంతే, అమ్మ భగ్గుమంది. "నాకు గొడుగు లెక్క కాదు. పక్కనే కూర్చుని ఉన్నాను కదా, అక్కా, తీసుకోనా అని ఒక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?" అంది. పిన్ని ఏమీ అనలేదు. అదే అలవాటైపోయింది. ఒకరు తగ్గితే రెండోవాళ్ళు తగ్గేవాళ్ళేమో, ఇద్దరూ మొండిఘటాలే.

కానీ చాప ఒక్కరితో కాదు. తుంగచాప నేసే మగ్గం నేల మీదే ఉంటుంది. ఈ గోడ నుంచి ఆ గోడదాకా నిలువు దారాలు బిగించి కడతాం. వాటి మధ్య అడ్డంగా ఒక బరువైన కొయ్య పలక, దాని నిండా చిల్లులు, ఆ చిల్లుల్లోంచి దారాలు. పలకను ముందుకు వంచితే సగం దారాలు పైకి లేస్తాయి, వెనక్కి వంచితే మిగతా సగం. లేచిన దారాల సందులోంచి తుంగ పరకను అడ్డంగా దూర్చాలి. ఆ తర్వాత పలకను తన వైపు లాగి దబ్బుమని కొట్టాలి, అప్పుడు పరక బిగుస్తుంది. పలక పట్టేది పిన్ని, మధ్య పీట మీద. పరక దూర్చేది అమ్మ, ఎడమ పీట మీద. పొడుగాటి వెదురుపుల్ల చివర పరకను తగిలించి అమ్మ అవతలికి తోసేది, పుల్ల వెనక్కి లాగేది, పరక కొసను అంచు దారానికి చుట్టి మడిచేది, చెయ్యి తీసేది. చెయ్యి తీశాక, "ఊఁ" అనేది. అప్పుడు పిన్ని కొట్టేది. ఆ ఊఁ అనకముందే పలక వస్తే పుల్లయినా విరుగుతుంది, వేళ్ళయినా నలుగుతాయి.

పదేళ్ళ పైన వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాట ఆ ఒక్క ఊఁ. పెదాలు విప్పకుండా, గొంతులోంచి, కాస్త విసుగ్గా. పొద్దున్నించీ సాయంత్రందాకా, ఊఁ, దబ్. ఊఁ, దబ్. నేను ఆ చప్పుడు వింటూ బడి పాఠాలు చదివాను, ఆ చప్పుడు వింటూ నిద్రపోయాను.

పోయిన వానల్లో అమ్మ పోయింది. మంచం పట్టింది లేదు, మందులు మింగింది లేదు. పరక దూర్చింది, పుల్ల లాగింది, కొస మడిచింది. ఊఁ అనలేదు. పిన్ని పలక వంచి పట్టుకుని అలాగే కూర్చుందట. ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. నేను పనినుంచి వచ్చి చూసేసరికి ఆమె చేతుల నరాలు ఉబ్బి ఉన్నాయి, పలక ఇంకా వదల్లేదు.

తర్వాత మగ్గం మీద పాత దుప్పటి కప్పేశాం. సగం నేసిన చాప దాని కింద అలాగే ఉండిపోయింది. బాబాయి మంచివాడేగానీ నోట్లో ఏ మాటా నానదు. "ఆ దారాలు కోసేద్దాం. గదిని పక్కనున్న టైర్ల దుకాణం ఆయనకి ఇచ్చేద్దాం, సామాను పెట్టుకుంటాడట" అని రోజుకోసారి అనేవాడు. పిన్ని ఉలకదు, పలకదు. కానీ ఆయన ఆ మాట అన్నప్పుడల్లా వెళ్ళి ఆ గది గడప మీద కూర్చునేది. పెళ్ళై వచ్చేదాకా తుంగ ముఖమే ఎరగని మనిషి. అమ్మే పలక పట్టడం నేర్పింది. అది తప్ప ఆమెకు ఇంకో పని రాదు, ఇంకో పని మీద ధ్యాసా లేదు. ఆ దారాలు కోస్తే ఈమె కూడా ఎంతో కాలం ఉండదని నాకు భయం పట్టుకుంది. అమ్మ పోయింది చాలు.

నేను ఫోన్ల దుకాణంలో పని చేస్తాను. రోజంతా జనం బొటనవేలితో పైకి తోసుకుంటూ చూసే చిన్న చిన్న వీడియోలు నా కళ్ళ ముందే తిరుగుతుంటాయి. చెక్క గరిటె చెక్కేవాడు, సబ్బు కోసేది, కుండ తిప్పేవాడు. చేతులే కనిపిస్తాయి, మాట ఉండదు, జనం నోరు వెళ్ళబెట్టుకుని చూస్తారు. ఒకరోజు బాబాయితో తెగేసి చెప్పాను.

"వచ్చే వానలు వెళ్ళేదాకా ఆగు బాబాయ్. పిన్ని నేస్తుంటే వీడియోలు తీస్తాను. ఆర్డర్లొస్తే మగ్గం ఉంటుంది. రాకపోతే నీ ఇష్టం, నేనే కత్తెర తెస్తాను."

"చాప నేస్తే ఎవరు చూస్తారే? ఎండిన గడ్డి!" అన్నాడు.

"నిన్న ఫోన్‌లో ఎవరో గొర్రెకి క్షవరం చేస్తుంటే నువ్వు అరగంట చూశావు."

పిన్ని లేచి వెళ్ళి మగ్గం మీద దుప్పటి తీసింది.

ఏమేం తియ్యాలో నేను ముందే అనుకున్నాను. తుంగ కాడను కత్తితో నిలువునా చీలుస్తుంటే దగ్గర్నుంచి ఒకటి. మరిగే రంగునీళ్ళలోంచి పరకల కట్టను పైకి తీస్తుంటే, ఆవిరి లేస్తుండగా ఒకటి. మొత్తం చాపకి ఒక్కటే పొడుగు వీడియో తీస్తే ఎవడూ చూడడు. ఒక్కో దానికి ఒక్క పనే చూపాలి. మొదటి మూడు క్షణాల్లోనే చెయ్యి కదలాలి, పేరూ ఊరూ చెప్పుకుంటూ కూర్చుంటే వేలు పైకి తోసేస్తుంది. అన్నిటికంటే నేను ఆశపడింది చప్పుడు మీద. పాటా వద్దు, మాటా వద్దు, ఆ పలక దబ్బు, పరక జారే సరసర, అంతే.

వెలుతురుతో తల ప్రాణం తోకకొచ్చింది. తలుపు తీస్తే వెలుతురు వస్తుంది, దాంతోపాటు పొడిగాలి కూడా. గాలి తగిలితే తడిపిన పరక బిరుసెక్కి పుటుక్కున తెగుతుంది. అందుకే ఆ గది ఎప్పుడూ మూసే ఉంటుంది, చల్లగా, చెమ్మగా, చెరువు ఒడ్డు వాసన వేస్తూ. చివరికి కిటికీ ఒక్క రెక్క తెరిచి, దానికి తెల్ల పంచె అడ్డం కట్టాను. స్టూలు మీద స్టూలు వేసి, అంచున ఫోను కెమెరా కిందికి చూసేలా ఇటుకతో అదిమి పెట్టాను. అద్దం తుడిచాను, ఫోన్లు రాకుండా చేశాను, ఫోను తెర మీద పలక కనిపించే చోట వేలితో కాసేపు నొక్కి పట్టుకుని వెలుతురు మారకుండా ఆపాను. ఎవరైనా చూస్తుంటే పిన్ని చేతులు ఆడవు. అందుకని రికార్డు నొక్కేసి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాను.

ఒంటరిగా నేయాలంటే నరకం. ఒక చేత్తో పలక వంచి పట్టుకోవాలి, రెండో చేత్తో ఎడమకి వంగి పుల్ల తొయ్యాలి. తన పీట ఎడమకి జరుపుకుంటే సులువయ్యేది. ఆమె జరగలేదు. ఎడమ పీట ఎక్కడుందో అక్కడే ఉంచింది. తుంగ కట్టను, నీళ్ళ గిన్నెను కూడా ఆ పీటకి అందేచోటే పెట్టింది.

దుకాణంలో కూర్చుని ఆ వీడియో కత్తిరించాను. చివర పలక లేచే చోటు, మొదట్లో పలక లేచే చోటు ఒకదానికొకటి అతుక్కునేలా కోశాను. అలా చేస్తే ఎక్కడ అయిపోయిందో, ఎక్కడ మొదలైందో తెలియక జనం రెండు మూడుసార్లు చూస్తారు. అక్కడి రద్దీలో చప్పుడు సరిగా వినకుండానే పెట్టేశాను.

మర్నాటికి చాలామంది చూశారు. కింద రాసిన మాటలు చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. "ఆ రెండో ఆవిడని కూడా చూపించండి." ఇంకొకరు, "ఊఁ అంటున్నది ఎవరు? భలే ఉంది." మరొకరు, "పెద్దావిడకి విసుగొచ్చినట్టుంది, కాస్త మంచినీళ్ళివ్వండి."

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. పరక సరసర. పుల్ల వెనక్కి. కాసేపు ఏమీ లేదు.

ఊఁ.

దబ్.

దుకాణం మధ్యలో, మిట్టమధ్యాహ్నం, నా ఒళ్ళంతా చల్లబడిపోయింది. అది మా అమ్మ గొంతు. కడుపున పుట్టినదాన్ని, నాకు తెలియదా? ఆ విసుగు, చివర కాస్త కిందికి దిగే ఆ తీరు. వీడియో అయిపోయి మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఊఁ. నేనే కదా అతుకు తెలియకుండా కోశాను, అది ఆగదు.

ఇంటికి రాగానే అడిగాను. "పిన్నీ, నేస్తూ ఊఁ అన్నావా?"

"నేనెందుకంటాను? ఊఁ అనేది పరక వేసేవాళ్ళు."

"పరక కూడా నువ్వే వేస్తున్నావుగా."

ఆమె నన్ను వింతగా చూసింది. "నేను పలక" అంది, అంతే.

ఇంకోసారి తీశాను, ఈసారి ముఖం కనబడేలా ఎదురుగా. ఆమె కొట్టే ముందు పెదాలు కదులుతాయేమో చూద్దామని. కదల్లేదు. కదలవు కూడా. ఊఁ అనడానికి పెదాలతో పనేముంది? గొంతు చూద్దామంటే కొంగు కప్పి ఉంది. ఊఁ మాత్రం ప్రతి పరకకీ వినబడింది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆమె కళ్ళు ప్రతిసారీ ఎడమవైపుకి పోయి, అక్కడ కాస్త ఆగి, వెనక్కి వస్తున్నాయి. ఎవరో చెయ్యి తీసేదాకా చూస్తున్నట్టు.

మగ్గం దగ్గరికి వెళ్ళి చాప అంచు తడిమి చూశాను. పిన్ని కొస మడిస్తే ఒక్క చుట్టే చుడుతుంది, ఎప్పటినుంచో అంతే. రెండు చుట్లు చుట్టేది అమ్మ. దుప్పటి తీశాక నేసినదంతా, ఎడమ అంచు పొడుగునా రెండేసి చుట్లు. వేలు కాలినట్టు చెయ్యి లాగేసుకున్నాను. అమ్మని చూసి భయపడతానని ఎప్పుడైనా అనుకున్నానా? భయపడ్డాను. కన్నతల్లే, అయినా భయమే వేసింది. ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళడం మానేశాను.

అంతలో అతిథి గృహాలకి సామాను సమకూర్చే ఒకాయన వీడియోలు చూసి మనిషిని పంపాడు. గదిగదికీ చాపలు కావాలట. ఏడాది పొడుగునా పని. ఒక్కటే మెలిక. "ఒక్కావిడే నేస్తే ఎప్పటికి పూర్తవుతాయమ్మా? ఇద్దరూ ఉన్నారని విన్నాం. ఇద్దరూ కూర్చుని నేస్తున్న వీడియో ఒకటి పంపండి, ఖాయం చేసుకుంటాం" అన్నాడు.

బాబాయి ముఖం వెలిగిపోయింది. "దానికేం! మా పిల్ల కూర్చుంటుంది!" అని నా తరఫున మాటిచ్చేశాడు. నాకు పరక వెయ్యడం వచ్చు, చిన్నప్పుడు అమ్మ దగ్గర నేర్చుకున్నదే. కాదంటే దారాలు తెగుతాయి, ఔనంటే ఆ పీట మీద కూర్చోవాలి. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఆదివారం పొద్దున్నే పంచె కట్టి, స్టూళ్ళు పేర్చి, ఫోను నొక్కి, లోపలికి వెళ్ళాను. పిన్ని మధ్య పీట మీద కూర్చుని ఉంది.

"జరుగు పిన్నీ, నేను ఎడమ పీట మీద కూర్చుంటాను."

"అక్కడ ఖాళీ లేదే" అంది.

ఎంత మామూలుగా అందంటే, బస్సులో సీటు గురించి చెప్పినట్టు అంది. భయం వేస్తే నాకు ముందు వచ్చేది కోపం. "ఖాళీ లేకపోవడమేంటి! కొయ్యముక్క అది! చూడు!" అని పీట మీద చతికిలబడ్డాను. పీట చల్లగా ఉంది. గది అంతా చెమ్మే, పీట చల్లగా ఉండక ఏమవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

పిన్ని పలక వంచింది. నేను పుల్లకి పరక తగిలించి తోశాను. పుల్ల సగం వెనక్కి లాగానో లేదో,

ఊఁ.

దబ్!

పుల్ల ఫట్‌మని విరిగింది. నా రెండు వేళ్ళు పలకకీ చాపకీ మధ్య. నేను కెవ్వుమన్నాను. పిన్ని పలక తోసేసి నా చెయ్యి లాక్కుని నీళ్ళ గిన్నెలో ముంచింది. ఆమె ముఖం పాలిపోయింది.

"ఊఁ అన్నావుగా! ఊఁ అన్నాకే కొట్టాను!"

"నేననలేదు! నేను నోరు విప్పితే ఒట్టు!"

అప్పుడు మళ్ళీ వినబడింది. ఊఁ. కాసేపు ఆగి, దబ్. పలక మా ముందే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఊఁ. దబ్. పిన్ని గోళ్ళు నా మణికట్టులో దిగాయి. నేను కళ్ళు మూసుకున్నాను. ఊఁ. దబ్. అరుగు మీదనుంచి వస్తోంది.

"చూశావా, మళ్ళీ మొదటికొచ్చింది! ఎక్కడ అతుకు పెట్టిందో కనుక్కో చూద్దాం!" అంటున్నాడు బాబాయి. టైర్లాయనకి తన ఫోన్‌లో నా వీడియో చూపిస్తున్నాడు, సౌండు పూర్తిగా పెట్టి, నా కేక కూడా వినబడనంతగా.

"బాబాయ్! ఆపు దాన్ని!" అని గొంతు చించుకున్నాను. చప్పుడు ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి. పిన్నికి మాత్రం నవ్వు రాలేదు.

"ఫోనైతే ఏంటి" అంది మెల్లగా. "అక్క అంది, నేను కొట్టాను. ఈ పీట మీద అక్క మాటే నడుస్తుంది. నువ్వొచ్చి కూర్చున్నా నా చేతులు ఆమె మాటే వింటాయి. నీ వేళ్ళు మిగలనివ్వనే నేను."

"మరేం చేద్దాం? దారాలు కోసేద్దామా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కొంగుతో నా వేళ్ళు తుడిచింది, గుడ్డముక్క చుట్టింది. తర్వాత నా భుజం పట్టి పీట మీదనుంచి లేపి, గోడ పక్కన నిలబెట్టింది.

"అడక్కుండా కూర్చుంటే ఎలాగే?" అంది. "అడగాలి కదా."

వెళ్ళి తన పీట మీద తను కూర్చుంది. చీర సర్దుకుంది. ఎడమవైపుకి తిరిగింది. గొంతు పెగల్లేదు, మింగి మళ్ళీ ప్రయత్నించింది. పదేళ్ళ పైచిలుకు బిగబట్టిన గొంతు అది, ఒక్కసారి ఎలా వస్తుంది?

"అక్కా" అంది. "పిల్ల వచ్చింది. ఆ పీట తీసుకోనా?"

నేను గోడకి అతుక్కుపోయి ఊపిరి బిగబట్టాను. పంచె వెనకనుంచి కిటికీ వెలుతురు పీట మీద పడుతోంది. ఏమీ లేదు అక్కడ, కొయ్యముక్కే. పిన్ని తల కొంచెం పక్కకి వంచి విన్నది. తర్వాత ఆమె భుజాలు రెండూ దిగాయి. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"రా, కూర్చో" అంది నాతో. "చెయ్యి తీశాక గట్టిగా ఊఁ అను. నీ గొంతుతో అను."

కూర్చున్నాను. కొత్త పుల్ల తీసుకుని నొప్పి చేత్తోనే పరక తోశాను, పుల్ల లాగాను, కొస మడిచాను, చెయ్యి తీశాను. ఊఁ అన్నాను. పిలకజడలు వేసుకున్న చిన్నపిల్లలా అన్నాను, అంత పీలగా. పలక దబ్బుమంది. ఇంకో పరక. ఊఁ, దబ్. మధ్యాహ్నానికి జానెడు చాప పెరిగింది. మధ్యలో పిన్ని "అంచు వదులైంది, ఏం పెంపకమే మీ అమ్మది" అని తిట్టింది కూడా.

ఇప్పుడు ఆ చాప అతిథి గృహంలో ఏ గదిలో ఉందో తెలియదు. మగ్గం నడుస్తోంది. టైర్లాయన వేరే గది చూసుకున్నాడు. నా రెండు గోళ్ళు నల్లబడి ఊడి, కొత్తవి వస్తున్నాయి. సెలవు రోజుల్లో నేను కూర్చుంటాను, మిగతా రోజుల్లో బాబాయి. ఆయన ఊఁ అంటే ఎవరో కథ చెబుతుంటే వింటున్నట్టుంటుంది, జనం అదీ చూస్తున్నారు.

ఆ తర్వాత తీసిన ఏ వీడియోలోనూ అమ్మ గొంతు లేదు. మొదట హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ప్రతి వీడియో సౌండు పెంచుకుని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో కుక్కుకుని వెతకడం మొదలుపెట్టాను. పరక సరసర ఉంది, దబ్ ఉంది, నేనున్నాను. ఆమె లేదు. అప్పుడు ఏడ్చాను, పోయిన వానల్లో ఏడవనంత ఏడ్చాను.

ఆ ఆదివారం ఫోను మొదటినుంచీ నడుస్తూనే ఉంది. అందులోంచి మేమిద్దరం నేసిన ముక్క కోసి అతిథి గృహాల ఆయనకి పంపాను. ముందున్న ముక్క ఎవరికీ చూపించలేదు. అందులో గోడ దగ్గర నేను కనబడను. పిన్ని ఎడమవైపుకి తిరిగి ఉంది. పీట ఖాళీగా ఉంది. "అక్కా. పిల్ల వచ్చింది. ఆ పీట తీసుకోనా?" అంటుంది. కాసేపు ఏమీ లేదు.

తర్వాత, ఊఁ.

విసుగు లేదు అందులో. నేననలేదు. బాబాయి ఫోను అప్పటికే ఆపేశాడు. పిన్నిని అడిగితే, "నేను పలక కదే" అంటుంది.